అమ్మమ్మకు కనపడిన విషం, కనపడని విషం

కొండవీడు కొండ మీదికి పోయే దారి పక్కన, పల్నాటి ఏ రాతిగుట్ట మీదనైనా పెరిగే పొదల్లాగానే, జిల్లేడు, చిత్రమూలం, నల్లేరు, తిప్పతీగ, నేలవేము కనిపిస్తాయి. వీటిలో దేనికి ఏ గుణం ఉందో ఊరికి ఒక లెక్క ఉంది. జ్వరానికి నేలవేము, విరిగిన ఎముకకు నల్లేరు. చిత్రమూలం వేరు సంగతి వేరు: కడుపుతో ఉన్న మనిషి దాని జోలికి పోకూడదని పాతతరం వాళ్ళు గట్టిగానే చెబుతారు. కారణం అందరికీ తెలుసు. వద్దనుకున్న గర్భాన్ని పోగొట్టుకోవడానికి ఈ దేశంలో తరతరాలుగా వాడిన మొక్కల్లో చిత్రమూలమూ జిల్లేడు పాలూ ఉన్నాయి. ఆ ప్రయత్నంలో గర్భంతో పాటు తల్లి ప్రాణమూ పోయిన ఉదంతాలు వలస పాలన నాటి వైద్య న్యాయశాస్త్ర గ్రంథాలకెక్కాయి. 1856లో కలకత్తాలో నార్మన్ చెవర్స్ అచ్చువేసిన పుస్తకంలో ఎర్ర చిత్రమూలం ప్రస్తావన ఉంది. కాబట్టి 'చెట్టు మందే కదా, ఏం చేస్తుందిలే' అన్న మాట మన పెద్దల మాట అనుకోవడం పొరపాటు. చెట్టు ఏం చేయగలదో వాళ్ళకు బాగానే తెలుసు. ఆ ధీమా ఈ మధ్య డబ్బా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మతో వచ్చింది. అసలు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. మొక్కలు చేసే కీడులో ఏది ఊరి అనుభవానికి అందింది, ఏది అందలేదు? గర్భిణి తాగే కషాయాలు, టానిక్కులు, బలం గుళికల విషయంలో మన తగవులన్నీ ఈ రెంటినీ కలగలపడం వల్లే వస్తున్నాయి.

అనుభవానికి అందిన దాన్ని ముందు చూద్దాం. నెలలు నిండాయి, నొప్పులు రావడం లేదు. వంటాముదం తాగిస్తే కాన్పు సులువవుతుందని ఊళ్ళలో చాలాకాలం నమ్మారు. ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. ఆముదంలో ఎక్కువ భాగం రిసినోలెయిక్ ఆమ్లం. చిన్నపేగులో ఎంజైములు నూనెను విడగొట్టాక ఈ ఆమ్లం విడుదలై రక్తంలో చేరుతుంది. పేగు గోడ కండరంలోనూ గర్భసంచి కండరంలోనూ ఒకే రకం గ్రాహకం ఉంటుంది. శాస్త్రవేత్తలు దాన్ని ఈపీ3 అంటారు. ఈ ఆమ్లం దాన్నే తట్టి లేపుతుందని 2012లో జర్మనీ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. ఆ గ్రాహకం లేకుండా పెంచిన ఎలుకలకు ఆముదం తాగిస్తే విరేచనమూ కాలేదు, గర్భసంచీ ముడుచుకోలేదు. ఆస్పత్రిలో నొప్పులు రావడానికి ఇచ్చే ప్రోస్టాగ్లాండిన్ మందులు పనిచేసే దారుల్లో ఇదీ ఒకటి. అంటే ఆముదం 'మందులు లేని' పద్ధతేమీ కాదు. అదీ అదే తాళంలో తిరిగే మందే. కాకపోతే మోతాదు చూసిన వాళ్ళు లేరు, బిడ్డ గుండె చప్పుడు వింటూ పక్కన కూర్చున్న వాళ్ళూ లేరు.

ఇందులో మారింది ఆముదం కాదు, తాగే తల్లి. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వందకు 42 కాన్పులు, తెలంగాణలో 60కి పైగా సిజేరియన్‌తోనే జరిగాయి. మొదటి కాన్పులో గర్భసంచి కోసి కుట్టిన చోట కండరం గట్టిదనం మునుపటిలా ఉండదు. బలమైన నొప్పులు ఒక్కసారిగా వస్తే ఆ కుట్టు విచ్చుకుపోయి గర్భసంచి చిరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే పాత సిజేరియన్ ఉన్న తల్లికి నొప్పుల మందులు ఇవ్వడానికి ఆస్పత్రిలో డాక్టర్లే వెనకాముందూ ఆలోచిస్తారు. కొన్ని మందులైతే అసలు వాడరు. అలాంటి తల్లి ఆముదం తాగాక గర్భసంచి చిరిగిన కేసు వైద్య పత్రికల్లో నమోదైంది కూడా. అమ్మమ్మ కాలంలో ఆముదం తాగిన వాళ్ళలో కడుపు మీద కోత ఉన్నవాళ్ళు దాదాపు లేరు. ఆమె అనుభవం ఆమె కాలానికి నిజమే, ఇవాళ్టి మనవరాలికి మాత్రం అది వర్తించదు. అయినా ఆముదం విషయంలో ఊరికి ఒక సౌలభ్యం ఉంది. తాగిన కొద్ది గంటల్లోనే విరేచనమో, నొప్పో, మరొకటో కళ్ళ ముందే తెలుస్తుంది. కారణానికీ ఫలితానికీ మధ్య దూరం తక్కువ కనుక తప్పు జరిగితే పదిమందీ మాట్లాడుకుంటారు, పక్కింటివాళ్ళు జాగ్రత్త పడతారు.

ఆ దూరం పన్నెండేళ్ళయితే ఏమవుతుంది? దగ్గుకూ, గొంతు నొప్పికీ, కడుపులో మంటకూ వాడే అతిమధురం ఇందుకు చక్కటి ఉదాహరణ. నరసరావుపేటలోనో చిలకలూరిపేటలోనో మూలికల కొట్టులో పొడిగా దొరుకుతుంది. దగ్గు మందుల్లో, కషాయం పొడుల్లో, 'హెర్బల్ టీ' సంచుల్లో తీపి కోసం కలుస్తుంది. ఆ తీపికి కారణం గ్లైసిరైజిన్ అనే పదార్థం. తల్లి ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను ఎప్పుడూ ఉంటుంది. గర్భం చివరి నెలల్లో బాగా పెరుగుతుంది. అది అదే మోతాదులో బిడ్డకు చేరితే పెరుగుతున్న మెదడుకు మంచిది కాదు. అందుకే మాయలో ఒక ఎంజైము గుమ్మం దగ్గర కాపలావాడిలా ఉండి, దాటబోయే కార్టిసాల్‌లో చాలా భాగాన్ని పనికిరాని రూపంలోకి మార్చేస్తుంది. గ్లైసిరైజిన్ అడ్డుకునేది సరిగ్గా ఈ ఎంజైమునే. అతిమధురం ఎక్కువ తిన్నవాళ్ళకు రక్తపోటు పెరగడం, పొటాషియం పడిపోవడం కూడా కిడ్నీలో ఇదే ఎంజైము ఆగిపోవడం వల్లే. గర్భిణికి రక్తపోటు పెరగడం ఎంత చెడ్డదో వేరే చెప్పక్కర్లేదు.

ఫిన్లాండులో అతిమధురంతో చేసిన నల్ల మిఠాయి అందరూ తింటారు. 1998లో హెల్సింకీలో కాన్పైన తల్లులను గర్భంతో ఉన్నప్పుడు వారానికి ఎంత తిన్నారో అడిగి రాసుకున్నారు. కాట్రి రాయ్‌కొనెన్ బృందం వాళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించి, 2017లో ఫలితాలు ప్రచురించింది. వారానికి 500 మిల్లీగ్రాములకు మించి గ్లైసిరైజిన్ తీసుకున్న తల్లుల పిల్లలు పన్నెండున్నర ఏళ్ళ వయసులో తెలివి పరీక్షల్లో, తక్కువ తిన్నవాళ్ళ పిల్లలకంటే సగటున 7 పాయింట్లు వెనకబడ్డారు. ఇది ఒక దేశంలో, కొన్ని వందల పిల్లల మీద చేసిన పరిశీలన; తల్లుల ఇతర అలవాట్ల ప్రభావం పూర్తిగా పోయిందని ఎవరూ ప్రమాణం చేయలేరు. అయినా ఎంజైము సంగతి ప్రయోగశాలలో విడిగా రుజువైంది కనుక తేలిగ్గా కొట్టిపారేయడానికి వీల్లేదు. ఇప్పుడు మన వంటింటి లెక్క వేద్దాం. ఐరోపా ఔషధ ప్రమాణాల ప్రకారం మంచి అతిమధురం వేరులో కనీసం 4 శాతం ఈ పదార్థం ఉండాలి. టీస్పూను పొడి సుమారు 3 గ్రాములనుకుంటే అందులో 120 మిల్లీగ్రాములు. దగ్గు తగ్గలేదని రోజుకో స్పూను తేనెలో రంగరించి నాకితే వారానికి 840. ఐదు రోజులు దాటకముందే ఫిన్లాండు గీత దాటినట్టే. వడకట్టిన టీలోకి అంతా దిగకపోవచ్చు, పొడినే మింగితే మాత్రం దాదాపు మొత్తం కడుపులోకి పోతుంది. ఒకటి రెండు సార్లు చప్పరించిన వాళ్ళు హడలిపోనక్కర్లేదు. రోజూ, వారాల తరబడి వాడడం దగ్గరే ముప్పు.

ఇక్కడ సహజంగా వచ్చే ఎదురుమాట ఒకటుంది: 'మా అమ్మ తాగింది, అత్త తాగింది, పిల్లలందరూ బాగానే ఉన్నారు.' దీన్ని వెటకారం చేయకూడదు, ఎందుకంటే ఇది నిజమైన సాక్ష్యమే. కాకపోతే ఏ ప్రశ్నకు సాక్ష్యమో చూసుకోవాలి. మన కొడుకు పన్నెండేళ్ళప్పుడు ఏడు పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని ఉండేవాడని ఏ తల్లి ఎలా తెలుసుకుంటుంది? పోల్చడానికి ఆ బిడ్డే రెండోసారి పుట్టడు కదా. అవయవ లోపాల సంగతీ అంతే. ఏ మందూ వాడకపోయినా ప్రతి వంద మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటుంది. ఏడాదికి 60 కాన్పులయ్యే ఊరనుకోండి. వాళ్ళలో 20 మంది ఒక టానిక్ వాడారనీ, అది ఆ ముప్పును రెట్టింపు చేస్తుందనీ అనుకుందాం. రెట్టింపంటే చిన్న విషయం కాదు. అయినా ఆ ఊళ్ళో దానివల్ల అదనంగా లోపంతో పుట్టేది రెండేళ్ళకు ఒక బిడ్డ. మామూలుగా ఏటా ఒకరో ఇద్దరో పుట్టే చోట ఆ ఒక్కరినీ విడిగా గుర్తుపట్టడం మంత్రసానికి సాధ్యం కాదు, ఊళ్ళో ఉన్న డాక్టరుకూ సాధ్యం కాదు. గ్రహచారమనో, గ్రహణం మొర్రి అనో సరిపెట్టుకుంటారు. మంత్రసాని అనుభవం ఎంత గొప్పదైనా ఆమె లెక్కపెట్టిన కాన్పుల సంఖ్య ఈ ప్రశ్నకు చాలదు.

లెక్క చాలినంత పెద్దదైనప్పుడు ఏం బయటపడుతుందో హర్యానాలో చూశారు. అక్కడ మగబిడ్డ పుడతాడని నెల తప్పిన కొత్తలో కొందరు స్త్రీలు నాటుమందు తీసుకుంటారు. మనం లింగదొండ అనే తీగ గింజలు, హిందీలో శివలింగి, అందులో ఒక సరుకు. పుట్టుకతో లోపాలున్న పిల్లల తల్లులనూ, లేని పిల్లల తల్లులనూ పోల్చి చూస్తే, మందు తిన్నవాళ్ళలో లోపాల ముప్పు సుమారు మూడు రెట్లు ఉందని సుతపా నియోగి బృందం 2015లో ప్రచురించింది. బిడ్డ ఆడో మగో అండం ఫలదీకరణ నాడే తేలిపోతుంది. మందు పడేది గుండె, వెన్ను, పెదవి రూపు కట్టుకునే వారాల్లో. మారనిదాన్ని మార్చబోయి, కుదురుకుంటున్నదాన్ని కదిపినట్టవుతుంది. ఆ ఊళ్ళలో మందిచ్చే వాళ్ళకు మాత్రం తమ మందు సగం సార్లు 'పనిచేసినట్టే' కనిపిస్తుంది. కనిపించకేం, పుట్టేవాళ్ళలో సగం మంది మగపిల్లలే మరి.

మూడో రకం ముప్పు మొక్కది కూడా కాదు. 2011-12లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ ఆరుగురు గర్భిణుల రక్తంలో ఎక్కువ సీసం గుర్తించింది. అందరూ విదేశాల్లో పుట్టి అక్కడికి వెళ్ళినవాళ్ళు, ఎక్కువమంది భారతదేశం నుంచే. డెసిలీటరు రక్తంలో 16 నుంచి 64 మైక్రోగ్రాముల దాకా సీసం ఉంది. అమెరికాలో గర్భిణికి 5 ఉన్నా జాగ్రత్తపడాలన్నది అప్పటి నియమం. ఆరా తీస్తే వాళ్ళు వాడిన, భారత్‌లో తయారైన పది రకాల ఆయుర్వేద మందులు బయటపడ్డాయి. గర్భం నిలవాలని, బిడ్డ ఆరోగ్యంగా ఉండాలని వాడేవీ అందులో ఉన్నాయి. ఒకదాంట్లో 2.4 శాతం సీసం. 250 మిల్లీగ్రాముల మాత్రలో అంత శాతం ఉంటే ఒక్క మాత్రలోనే 6 మిల్లీగ్రాముల సీసం. బిడ్డల్ని కనే వయసు స్త్రీకి ఆహారం ద్వారా చేరే సీసానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ పెట్టుకున్న రోజువారీ హద్దు 8.8 మైక్రోగ్రాములు. ఆ మాత్ర దానికి ఆరేడు వందల రెట్లు.

ఆ ఆరుగురూ దొరకడానికి కారణం వాళ్ళకు జబ్బు చేయడం కాదు. గర్భిణులకు సీసం ముప్పు ఉందేమో మొదటి పరీక్షల్లోనే అడగాలని న్యూయార్క్ రాష్ట్రంలో చట్టం ఉంది. అడిగారు కనుక తెలిసింది. సీసం ఒంట్లో చేరితే వచ్చేవి నీరసం, మలబద్ధకం, కడుపు నొప్పి, చిరాకు, రక్తహీనత. కడుపుతో ఉన్నవాళ్ళలో ఎవరికి ఇవి లేవు? పైగా రక్తం తయారీలో ఇనుమును వాడుకునే పనిని సీసం మధ్యలో చెడగొడుతుంది. రక్తం పడుతుందని తాగిన టానిక్కే రక్తాన్ని తగ్గిస్తుంది. తగ్గిందని చెప్పి మరో సీసా కొంటారు. ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉన్నట్టు పైన చెప్పిన సర్వేలోనే తేలింది. ఆ గుంపులో సీసం వల్ల వచ్చినవాళ్ళు ఎందరున్నా విడిగా కనపడరు. మన ప్రభుత్వాస్పత్రుల్లో గర్భిణికి హిమోగ్లోబిన్, బీపీ, షుగరు, మూత్రం చూస్తారు గానీ రక్తంలో సీసం చూడడం ఆ జాబితాలో లేదు. సీసం మాయను ఏ అడ్డూ లేకుండా దాటుతుంది. తల్లి ఎముకల్లో ఏళ్ళ తరబడి దాక్కుని, బిడ్డ ఎముకల కోసం కాల్షియం కరిగే నెలల్లో మళ్ళీ రక్తంలోకి వస్తుంది.

శాస్త్రోక్తంగా శుద్ధి చేసి భస్మం చేస్తే లోహం విషం పోతుందని ఆయుర్వేద వైద్యుల్లో కొందరి వాదం. భస్మీకరణలో లోహం రసాయన రూపం మారుతుందన్నది నిజమే. కానీ వాదన నిలబడాలంటే ఆ సీసం రక్తంలోకి రాకూడదు. న్యూయార్క్ స్త్రీల రక్తంలోకి వచ్చింది. ఇది ఆయుర్వేదం మీద దాడి అనుకునేవారికి ఒక సంగతి: గర్భిణికి తీక్ష్ణమైన మందులు, శోధన చికిత్సలు వద్దని పాత సంహితలే చెప్పాయి. మన దేశ నిబంధనల్లోనూ విషపదార్థాలున్న ఆయుర్వేద మందులకు ప్రత్యేక జాబితా ఉంది; వాటి పెట్టె మీద వైద్యుల పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక అచ్చు వేయాలి. కేవలం మూలికలతో చేసిన మందుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 10 పాళ్ళు దాటకూడదన్న హద్దూ ఉంది. చిక్కు నియమం దగ్గర లేదు. చీటీ లేకుండా కొట్టులో చేతికిచ్చే డబ్బా, చిన్న కాగితంలో చుట్టి ఇచ్చే పేరులేని పొడి, ఊరెళ్ళిన బంధువు తెచ్చిన 'బలం మందు', వీటి దగ్గరే చిక్కంతా.

'ఇంగ్లీషు మందులు మాత్రం పిల్లల్ని పాడుచేయలేదా' అని అడిగితే, చేశాయి. జర్మనీలో 1957 నుంచి నిద్రమందుగా అమ్మిన, వేవిళ్ళకూ వాడిన థాలిడోమైడ్ వల్ల వేల మంది పిల్లలు చేతులూ కాళ్ళూ లేకుండా పుట్టారు. తేడా ఆ తర్వాత జరిగిన దాంట్లో ఉంది. 1961లో మందును వెనక్కి తీసుకున్నారు, కొత్త మందులను అమ్మకానికి ముందే గట్టిగా పరీక్షించాలన్న నియమాలు ఆ దెబ్బతోనే వచ్చాయి. థాలిడోమైడ్ దొరికిపోవడానికి ఒక కారణం అది చేసిన కీడు అరుదైన, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే రకం కావడం. కనపడని కీడైతే అదీ ఏళ్ళ తరబడి అమ్ముడుపోయేదేమో. ఏ వైద్యమైనా సరే, గర్భిణి విషయంలో అడగాల్సినవి ఇవే: అందులో ఏముంది, ఎంత ఉంది, ఏ నెలలో, ఎవరు లెక్కపెట్టి చూశారు? ఈ ప్రశ్నలకు జవాబున్న మొక్కలూ ఉన్నాయి. అల్లం అలాంటిదే. వేవిళ్ళకు రోజుకు ఒక గ్రాము దాకా అల్లం పొడి ఇచ్చి, ఉత్తుత్తి గుళికతో పోల్చి పలు ప్రయోగాలు చేశారు. వికారం కొంత తగ్గింది, బిడ్డకు కీడు కనిపించలేదు. బొప్పాయికీ అంతే. ఎలుక గర్భసంచి మీద పరీక్షిస్తే పచ్చికాయ పాలు దాన్ని ముడుచుకునేలా చేశాయి, బాగా పండిన పండు రసం అలా చేయలేదు. పచ్చిది వద్దన్న పాత మాట నిలబడింది, పండును కూడా వెలివేయడం నిలబడలేదు. కూరలో పసుపు, చారులో జీలకర్ర, వాము ఈ గొడవలోకి రావు. అవి చిటికెల్లో పడతాయి. అదే పసుపు సారాన్ని గుళికలో కుక్కి, పేగులోంచి ఎక్కువ లోపలికి పోవాలని మిరియాల సారం కలిపి అమ్మితే అది వంట కాదు, మందు. ప్రశ్నలన్నీ దానికీ వర్తిస్తాయి.

ఇంట్లో ఉన్న డబ్బాను అనుమానించాలో లేదో దాని మీది చిన్న అక్షరాల్లో కొంత తెలుస్తుంది. నాగభస్మం అంటే సీసం. పారదం, రససిందూరం, హింగుళం అంటే పాదరసం. హరితాళం, మనశ్శిల అంటే ఆర్సెనిక్. గర్భం నిలవడానికని అమ్మే గర్భపాల రసం యోగంలోనే హింగుళం, నాగభస్మం ఉన్నాయి. పేరులో 'రసం' చూసి చారులాంటిదనుకోకూడదు. జాబితాయే లేకపోతే అది అన్నిటికంటే పెద్ద అనుమానం. నెలవారీ పరీక్షకు వెళ్ళేటప్పుడు 'ఏమీ వాడట్లేదు' అనకుండా ఆ డబ్బానో పొడి పొట్లాన్నో సంచిలో వేసుకెళ్ళి ఏఎన్ఎంకో డాక్టరుకో చూపిస్తే మంచిది. అడిగితే చాలామంది చెప్పరు, ఎందుకంటే అది తమ లెక్కలో మందే కాదు. ఇప్పటికే కొన్నాళ్ళు వాడినవాళ్ళు వెంటనే ఆపి, రక్తంలో సీసం పరీక్ష రాయమని అడగొచ్చు. పెద్ద ల్యాబులు నమూనా తీసుకుని చేయిస్తాయి. ఎక్కువగా తేలితే పుట్టిన బిడ్డకూ చేయించాలి. ఆపిన తర్వాత కూడా ఎముకల్లోని సీసం కొంత వస్తూనే ఉంటుంది గనుక ఇంకొకటి చేయొచ్చు. మెక్సికోలో గర్భిణులకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చి చూస్తే రక్తంలో సీసం సగటున పదోవంతు పైచిలుకు తగ్గింది. ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా ఇచ్చే కాల్షియం మాత్రలు రోజుకు రెండు, ఒక్కోటి 500 మిల్లీగ్రాములు. దాదాపు అదే మోతాదు. వాటిని ఐరన్ మాత్రతో కలిపి మింగకూడదు, ఒకటి రెండోదాన్ని ఒంటికి పట్టనివ్వదు. భోజనాల తర్వాత కాల్షియం వేసుకుని, ఐరన్‌ను రెండు గంటల ఎడంతో, టీ తాగని వేళ చూసుకుని వేసుకుంటే రెండూ పనిచేస్తాయి.